నేరం లేని పసిబిడ్డకి జ్ఞానస్నానం దేనికి?

ప్రశ్న: నేను క్యాథలిక్‌ని. మావారిది ఆర్థడాక్స్ కుటుంబం. మా పాపకి మూడో నెల. "జన్మపాపంతో పుట్టిన బిడ్డని ఇన్నాళ్ళు అలా ఉంచకూడదు, ఏదైనా జరిగితే ఎలా?" అని మా అమ్మ రోజూ ఫోన్ చేసి టెన్షన్ పెడుతోంది. మావారేమో "ఎప్పుడో ఆదాము చేసిన తప్పుకి మన పాప నేరస్థురాలా? మా చర్చిలో ఆ బోధే లేదు" అంటారు. పోనీ ఆయన మాటే నిజమనుకుందామంటే, వాళ్ళూ పసిపిల్లలకే బాప్తిస్మం ఇస్తారు. నేరమే లేకపోతే కడగడం దేనికి? ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి?
— ఒక తల్లి

సమాధానం: మీరు చివర్లో అడిగిన ముక్క మీదే సుమారు 1,600 ఏళ్ళ కిందట ఇద్దరు బిషప్పులు గట్టిగా తగువు పడ్డారు. ఇద్దరూ లాటిన్‌లో రాసే పడమటి వాళ్ళే, అంటే మీ క్యాథలిక్ వైపు వాళ్ళే. కానీ తగువంతా తిరిగింది గ్రీకులో మాట్లాడే ఒక తూర్పు బోధకుడు, అంటే మీవారి ఆర్థడాక్స్ వైపు పెద్ద, అన్న ఒకే ఒక్క వాక్యం చుట్టూ. ఆ వాక్యాన్ని కాస్త ఓపికగా చూస్తే మీ అమ్మగారి భయం ఎక్కడిదో, మీవారి ధీమా ఎక్కడిదో అర్థమవుతుంది. ఇద్దరూ తమ తమ చర్చి బోధని కొంచెం పెంచి చెబుతున్నారని కూడా తెలుస్తుంది.

ఆ బోధకుడు జాన్ క్రిసోస్టమ్. తర్వాత కాన్‌స్టాంటినోపుల్‌కి బిషప్ అయ్యాడు, 407లో చనిపోయాడు. అంతకుముందు, 4వ శతాబ్దం చివర్లో, అంతియొకయలో పాదిరీగా ఉన్నప్పుడు అప్పుడే బాప్తిస్మం పొందినవాళ్ళకి ఒక ప్రసంగం చేశాడు. బాప్తిస్మం అంటే పాపాలు క్షమించడం ఒక్కటే అని చాలామంది అనుకుంటారు, నేను మాత్రం దాని వరాలు పది లెక్కపెట్టాను అంటాడు. ఆ వెంటనే, అందుకే పసిపిల్లలకి కూడా బాప్తిస్మం ఇస్తున్నాం, వాళ్ళకి పాపాలు లేకపోయినా సరే అంటాడు. మరి దేనికి ఇస్తున్నట్టు? పరిశుద్ధత, నీతి, దేవుని బిడ్డ అనే హక్కు, వారసత్వం వాళ్ళకి దక్కాలని, క్రీస్తుకి తోబుట్టువులై ఆయన శరీరంలో అవయవాలు కావాలని, ఆత్మకి నివాసం కావాలని.

మీ ప్రశ్నకి తూర్పు చర్చిలు ఇప్పటికీ ఇచ్చే జవాబు దాదాపు ఇదే. మరక ఉంటేనే బాప్తిస్మం అన్న లెక్క వాళ్ళకి లేదు. బిడ్డకి లేనిదేదో ఇవ్వడం అక్కడ ముఖ్యం.

పడమట ఈ లెక్క వేరేలా సాగింది. ఆఫ్రికాలోని హిప్పో పట్టణపు బిషప్ అగస్టీన్ వాదన వినడానికి చాలా సూటిగా ఉంటుంది. చర్చి పాపక్షమాపణ కోసం ఒకే బాప్తిస్మం ఇస్తోంది. పసిపిల్లలకి ఇచ్చేదీ అదే బాప్తిస్మం, వాళ్ళకోసం వేరే రకం లేదు. పొత్తిళ్ళలో ఉన్న బిడ్డ తనంతట తాను ఏ పాపమూ చేసి ఉండదు. అయినా క్షమాపణ జరుగుతోందంటే, క్షమించాల్సినదేదో ఆ బిడ్డలో ఉండే ఉండాలి. సొంతం కాకపోతే మరెవరిది? ఆదాముది. చర్చి ఎప్పటినుంచో చేస్తూ వస్తున్న పనిని పట్టుకుని, దాని వెనుక ఉండాల్సిన కారణాన్ని వెతికాడన్నమాట. 418లో కార్తేజ్‌లో కూడిన ఆఫ్రికా బిషప్పులు ఈ వాదనని నియమంగా రాశారు. పసిపిల్లలకి పాపక్షమాపణ కోసమే బాప్తిస్మం ఇస్తున్నామని చెబుతూనే, ఆదామునుంచి వచ్చిన పాపమేదీ వాళ్ళలో లేదనేవాళ్ళని బహిష్కరించారు.

వాళ్ళు ఎవరిమీద ఇంత పట్టుదలగా ఉన్నారో కూడా చెప్పాలి. పెలాజియస్ అనే సన్యాసి, అతని శిష్యుడు సెలెస్టియస్ వేరేగా బోధించేవాళ్ళు. ఆదాము పాపం ఆదాముకే చెడు చేసిందనీ, పిల్లలు ఆదాము తప్పు చేయకముందు ఎలా ఉన్నాడో అలాగే పుడతారనీ సెలెస్టియస్ అన్నట్టు అతనిమీద అభియోగం. మనిషి తలచుకుంటే పాపం లేకుండా బతకగలడన్నది వాళ్ళ ధోరణి. ఇది మీవారి చర్చి బోధ అనుకునేరు. కానే కాదు. 431లో ఎఫెసులో జరిగిన మహాసభ సెలెస్టియస్ పక్షాన్ని ఖండించింది. ఆ సభ నడిపింది తూర్పువాళ్ళే.

ఇక తగువు సంగతి. ఇటలీలోని ఎక్లానం బిషప్ జూలియన్ పెలాజియస్ పక్షం వహించి పదవి పోగొట్టుకున్నాడు. అగస్టీన్ బోధ కొత్తగా పుట్టిందని, తూర్పున ఎవరూ అలా చెప్పలేదని నిరూపించడానికి అతను క్రిసోస్టమ్ వాక్యాన్ని బయటికి తీశాడు. అతను చూపించిన లాటిన్ పాఠంలో ఆ వాక్యం, పిల్లలకి "పాపపు మరక అంటకపోయినా" బాప్తిస్మం ఇస్తున్నాం అన్నట్టుంది. పాపం అనే మాట ఏకవచనంలో ఉంది. అంటే ఆదాము పాపం కూడా లేనట్టే.

అగస్టీన్ సుమారు 421లో జూలియన్‌కి జవాబుగా ఆరు భాగాల పుస్తకం రాశాడు. మొదటి భాగంలోనే ఈ వాక్యాన్ని ఎత్తుకున్నాడు. గ్రీకు మూలం తెప్పించి చూపించాడు. అందులో "పాపాలు లేకపోయినా" అని బహువచనం ఉంది. పాపాలు అంటే సొంతంగా చేసిన పాపాలు అని అర్థం చేసుకో అన్నాడు. మరి "సొంత" అనే మాట క్రిసోస్టమ్ ఎందుకు చేర్చలేదు? అప్పటికి మీరింకా తగువు మొదలుపెట్టలేదు గనుక ఆయన నిశ్చింతగా మాట్లాడాడు అంటాడు అగస్టీన్. ఈ ఒక్క మాటకి నేను ఆయన్ని మెచ్చుకుంటాను. ఒక రచయితని, అతను రాశాక వచ్చిన తగువుల్లోకి లాగకూడదని అగస్టీన్‌కి తెలుసు.

బహువచనం విషయంలో అగస్టీన్‌దే ఒప్పు. 1955లో గ్రీసులోని ఏథోస్ కొండమీద స్తవ్రోనికిత మఠంలో క్రిసోస్టమ్ బాప్తిస్మ ప్రసంగాల చేతిప్రతి ఒకటి బయటపడింది. అందులో కూడా ఈ వాక్యం "పాపాలు" అనే ఉంది.

అగస్టీన్ అక్కడితో ఆగలేదు. అదే ప్రసంగంలోని మరో ముక్క కూడా తీశాడు. క్రీస్తు వచ్చేసరికి మన తండ్రి ఆదాము రాసిచ్చిన అప్పుపత్రం ఒకటి ఆయన కంటబడింది, అప్పు మొదలుపెట్టింది ఆదాము, తర్వాతి పాపాలతో వడ్డీ పెంచింది మనం అని క్రిసోస్టమ్ అన్నాడు. ఇదిగో, తండ్రి అప్పు అని ఆయనే ఒప్పుకున్నాడుగా, అది మన నెత్తిన ఉన్నట్టేగా అన్నది అగస్టీన్ వాదన.

ఇక్కడ మాత్రం నేను ఆయనతో పూర్తిగా వెళ్ళలేను. అప్పు ఉందని చెప్పడం వేరు. ఆ అప్పు చేసిన నేరం బిడ్డ మీద మోపడం వేరు. తాత రాసిన ప్రోనోటు వల్ల మనవడికి ఇల్లు పోవచ్చు, తిండి కరువు కావచ్చు. అంతమాత్రాన సంతకం పెట్టింది మనవడేనని ఎవరూ అనరు. క్రిసోస్టమ్ ఏ అర్థంలో అన్నాడో తెలుసుకోవాలంటే ఆయన రోమీయులకు రాసిన పత్రిక మీద చేసిన ప్రసంగాల్లో పదోది చూడాలి. ఒకని అవిధేయత వల్ల అనేకులు పాపులయ్యారు అని పౌలు రాసిన చోట ఆయన ఆగి, ఒకడు మాట వినకపోతే ఇంకొకడు పాపి ఎలా అవుతాడు, తనంతట తాను పాపం చేయనివాడు శిక్షకి బాకీపడడు కదా అని ప్రశ్నిస్తాడు. ఇక్కడ పాపులు అంటే మరణానికి అప్పగించబడినవాళ్ళు అని తానే జవాబు చెబుతాడు. అంటే ఆయన లెక్కలో ఆదాము నుంచి మనకి వచ్చిన అప్పు పేరు మరణం.

ఇంకాస్త స్పష్టంగా చెప్పింది అలెగ్జాండ్రియా బిషప్ సిరిల్. ఎఫెసు సభకి అధ్యక్షత వహించింది ఈయనే. అంటే పెలాజియస్ పక్షం మీద వేటు వేసిన సభ పెద్ద. రోమీయుల పత్రిక వ్యాఖ్యానంలో ఆయన మీవారు అడిగిన ప్రశ్నే అడుగుతాడు. ఆదాము తప్పులతో మనకేం సంబంధం, అప్పటికి పుట్టనైనా పుట్టని మనం అతనితో పాటు ఎలా శిక్షకి గురయ్యాం, తండ్రుల తప్పుకి పిల్లల్ని చంపకూడదని దేవుడే చెప్పాడు కదా? జవాబు కూడా ఆయనే ఇస్తాడు. ఆదాములో మనిషి స్వభావానికి జబ్బు చేసింది. ఆ స్వభావంలోంచి పుట్టాం గనుక మనకీ ఆ జబ్బు వచ్చింది. అంతేగాని ఆదాముతో కలిసి మనమూ ఆజ్ఞ మీరాం అని కాదు, అప్పటికి మనం లేనే లేము.

ఒక్కసారి ఈ రెండింటినీ కలిపి చూడండి. పిల్లలు ఆదాము తప్పు చేయకముందు ఎలా ఉన్నాడో అలా పుడతారా? సిరిల్ దృష్టిలో పుట్టరు, జబ్బుతో పుడతారు. ఆదాము చేసిన నేరం పిల్లలదా? కాదు. మొదటి జవాబులో పెలాజియస్ పక్షం పోయింది. రెండో జవాబులో వారసత్వ నేరం పోయింది. తూర్పు చర్చిలు ఈ మధ్య దారిలోనే నడిచాయి. మీవారిది ఏ ఆర్థడాక్స్ శాఖో మీరు రాయలేదు. అయితే 451 నాటి కల్సెదోను మహాసభ తర్వాత విడిపోయిన శాఖలకి కూడా సిరిల్ పెద్ద దిక్కే, కాబట్టి ఇక్కడ పెద్ద తేడా పడదు.

ఈ విషయం మీద ఎక్కడ చర్చ జరిగినా ఎవరో ఒకరు "ఇదంతా అనువాదంలో జరిగిన పొరపాటు" అని తేల్చేస్తారు. రోమీయులకు 5:12 గురించి ఆ మాట. పాత లాటిన్ బైబిల్లో ఆ వచనం చివర "అతనిలో అందరూ పాపం చేశారు" అని అర్థం వచ్చేలా ఉంది. అగస్టీన్ దాన్నే పట్టుకున్నాడు. గ్రీకులో ఆ అర్థం నిలవడం కష్టం. మన తెలుగు బైబిల్లో ఉన్న "మనుష్యులందరు పాపము చేసినందున" అన్నదే గ్రీకుకి దగ్గర. ఇది నిజమే. అయితే పాఠం సరిగా ఉంటే అగస్టీన్ వేరేలా ఆలోచించేవాడని మాత్రం నేను నమ్మను. ఆయన వాదన నిలబడింది పసిపిల్లల బాప్తిస్మం మీద. ఆ వచనం దానికి ఊతం. ఊతం తీసేసినా గోడ అక్కడే ఉంటుంది.

మరి తూర్పు చర్చిల ప్రకారం పాపకి ఏం సంక్రమించింది? చావు, రోగం, అరిగిపోయే శరీరం. దాంతో పాటు చెడువైపు సులువుగా ఒరిగే బలహీనత. ఇందులో చావుని వాళ్ళు ఊరికే చివర్లో వచ్చే శిక్షగా చూడరు, పాపాన్ని పుట్టించే కారణంగా కూడా చూస్తారు. హెబ్రీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో, మరణభయం చేత జీవితకాలమంతా దాస్యంలో ఉన్నవాళ్ళని విడిపించడానికి క్రీస్తు వచ్చాడని ఉంది. చావు తప్పదని తెలిసిన ప్రాణి తనని తాను కాపాడుకోవాలని చూస్తుంది. కూడబెడుతుంది, లాక్కుంటుంది, పక్కవాణ్ణి తోసేస్తుంది. అలా ఆదాము పాపం వల్ల చావు వస్తే, ఆ చావు భయం వల్ల మన పాపాలు వస్తున్నాయి. ఆ మన పాపాలకే మనం జవాబుదారీ. ఈస్టర్ రాత్రి గ్రీకు, రష్యా వంటి బైజాంటైన్ ఆర్థడాక్స్ చర్చిల్లో పదే పదే పాడే చిన్న కీర్తన కూడా క్రీస్తు చావుతోనే చావుని తొక్కేశాడనే పాడుతుంది.

కాబట్టి బాప్తిస్మం ఆ బిడ్డని చావు రాజ్యంలోంచి తీసి క్రీస్తు శరీరంలో పెట్టడం. వాళ్ళ ఆచారంలో ఇది కంటికి కనిపిస్తుంది. బిడ్డ తరఫున జ్ఞాన తల్లిదండ్రులు పడమటికి తిరిగి సాతానుని విడిచిపెడుతున్నామని చెబుతారు. ఆ తర్వాత తూర్పుకి తిరిగి క్రీస్తుతో కలుస్తున్నామని చెబుతారు. బిడ్డని మూడుసార్లు నీళ్ళలో ముంచి, వెంటనే ఒళ్ళంతా ముఖ్యమైన చోట్ల పరిశుద్ధ తైలం పూసి ముద్ర వేస్తారు. పాలు తాగే ఆ బిడ్డకే సత్ప్రసాదం కూడా ఇస్తారు. లాటిన్ ఆచారంలో పెరిగిన మీకు ఇది వింతగా ఉండొచ్చు. మన దగ్గర పసిబిడ్డకి జ్ఞానస్నానం ఒక్కటే చేసి, మొదటి సత్ప్రసాదం, భద్రమైన అభ్యంగనం ఊహ తెలిశాక ఇస్తాం. వాళ్ళు మూడూ ఒక్క పూటే ఎందుకు ఇస్తారంటే క్రిసోస్టమ్ లెక్కపెట్టిన వరాలు గుర్తు తెచ్చుకోండి. ఇవ్వడమే ముఖ్యమైనప్పుడు సగం ఇచ్చి ఆపడంలో అర్థం లేదు.

ఇప్పుడు మీ అమ్మగారి భయం. దాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేయకండి, దానికి పెద్ద చరిత్ర ఉంది. బాప్తిస్మం లేకుండా చనిపోయిన పసిపిల్లలకి కూడా శిక్ష తప్పదని, అయితే అది అన్నిటికన్నా తేలికైన శిక్ష అని అగస్టీన్ రాశాడు. నేరం వారసత్వంగా వస్తుందని ఒప్పుకున్నాక ఆ ముగింపు నుంచి తప్పించుకోవడం ఆయనకి కుదరలేదు. రాయడానికి ఆయనకీ మనసొప్పి ఉండదు. మధ్యయుగపు పండితులకి అది మరీ కఠినంగా తోచింది. దేవుని దర్శనం లేకపోయినా బాధ కూడా లేని ఒక చోటు ఉందని చెప్పారు, దానికి లింబో అని పేరు. మీ అమ్మగారి తరం వాళ్ళు చిన్నప్పుడు ఉపదేశం క్లాసులో విన్నది బహుశా ఇదే.

తూర్పున దీనికి దీటైన మాట నాజియాంజస్ గ్రెగొరీది. 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో బాప్తిస్మం గురించి చేసిన ప్రసంగంలో ఆయన ఈ పిల్లల్ని ప్రస్తావించాడు. వాళ్ళకి మహిమా దక్కదు, శిక్షా పడదు, బాప్తిస్మపు ముద్ర పడలేదు గాని వాళ్ళు దుష్టులు కారు, నష్టపోయినవాళ్ళే తప్ప నష్టం చేసినవాళ్ళు కారు అన్నాడు. అదే ప్రసంగంలో ఎప్పుడు ఇవ్వాలన్నదీ చెప్పాడు. ప్రాణాపాయం ఉంటే పసిబిడ్డకి వెంటనే ఇచ్చేయాలి. అపాయం లేకపోతే మూడేళ్ళ దాకా, నాలుగు మాటలు విని పలకగలిగేదాకా ఆగమని ఆయన సలహా. తర్వాత తూర్పు చర్చిలు ఆ ఆగడం మానేశాయి. కానీ ఆ కాలంలో అంత పేరున్న బిషప్ నిమ్మళంగా మూడేళ్ళు ఆగమన్నాడంటే, బిడ్డ నెత్తిన శాశ్వత శిక్ష కత్తిలా వేలాడుతోందని ఆయన అనుకోలేదన్నమాట.

క్యాథలిక్ బోధ అగస్టీన్ దగ్గరే ఆగిపోలేదు. ఇది మీవారికి చెప్పండి. 1546లో ట్రెంట్ మహాసభ జన్మపాపం అనుకరణ వల్ల కాక పుట్టుకతోనే సంక్రమిస్తుందని, పిల్లలకి జ్ఞానస్నానం పాపక్షమాపణ కోసమేనని స్థిరపరిచింది. అది ఇప్పటికీ అమల్లోనే ఉంది. అయితే 1992లో వెలువడిన సత్యోపదేశ గ్రంథం 404, 405 పేరాల్లో దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో ఉంది. జన్మపాపాన్ని పాపం అనడం పోలిక చెప్పడానికే. అది చేసిన పాపం కాదు, సంక్రమించినది. ఒక పని కాదు, ఒక స్థితి. ఆదాము సంతానంలో ఎవరికీ అది వ్యక్తిగతమైన తప్పు కాదు. ఇది చదివాక "క్యాథలిక్కులు మన పాపని నేరస్థురాలంటున్నారు" అని మీవారు అనలేరు. నేరం కూడా వారసత్వంగా లెక్కకి వస్తుందని ఇంకా గట్టిగా చెప్పే మాటలు వెతకాలంటే ప్రొటెస్టెంట్ సంస్కర్తల వైపు చూడాలి. 17వ శతాబ్దపు వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రకటన ఆది తల్లిదండ్రుల నేరం వాళ్ళ సంతానానికి ఆపాదించబడిందని సూటిగా అంటుంది.

లింబో సంగతి కూడా అంతే. 1992 గ్రంథం 1261వ పేరాలో జ్ఞానస్నానం లేకుండా చనిపోయిన పిల్లల్ని దేవుని కరుణకి అప్పగిస్తున్నామని, వాళ్ళకి రక్షణ మార్గం ఉందని ఆశపడొచ్చని ఉంది. 2007లో వాటికన్‌కి చెందిన అంతర్జాతీయ దైవశాస్త్ర సంఘం ఇదే విషయం మీద పెద్ద పత్రం వెలువరించి, ఆశపడడానికి గట్టి కారణాలున్నాయంది. కచ్చితంగా తెలుసని మాత్రం అనలేదు. లింబోని ఎప్పుడూ తప్పనిసరి విశ్వాసాంశంగా నిర్ణయించలేదనీ గుర్తుచేసింది. మీ అమ్మగారికి ఈ రెండూ చూపిస్తే చాలు, వాదించనక్కర్లేదు.

అయితే తేడా పూర్తిగా చెరిగిపోయిందా అంటే, లేదు. క్యాథలిక్ బోధ బిడ్డ పుట్టే ఆ స్థితినే "పాపం" అనే పేరుతో పిలుస్తుంది, పోలికగానే అయినా సరే. ఆది పవిత్రత, నీతి లేకపోవడమే ఆ స్థితి. తూర్పువాళ్ళు ఆ స్థితిని చావు అంటారు, జబ్బు అంటారు. పాపం అనే మాటని ఎవరో ఒకరు స్వేచ్ఛగా చేసిన పనికే ఎక్కువగా వాడతారు. ఈ తేడా ఎక్కడ బయటపడుతుందంటే మరియమ్మ విషయంలో. ఆమె జన్మపాపం అంటకుండా తల్లి గర్భంలో పడిందని 1854లో పోప్ తొమ్మిదవ పయస్ విశ్వాస సత్యంగా ప్రకటించినప్పుడు ఆర్థడాక్స్ వాళ్ళు ఒప్పుకోలేదు. మరియమ్మ మీద వాళ్ళకి భక్తి తక్కువై కాదు. వారసత్వ నేరమే లేదన్నప్పుడు దాన్నుంచి మినహాయింపు ఇవ్వాల్సిన పని ఏముంది అన్నది వాళ్ళ మాట.

ఇక మీవారి వైపు. "మా చర్చిలో ఆ బోధే లేదు" అన్నంత సులువుగా తేలదు. 692లో కాన్‌స్టాంటినోపుల్‌లోని ట్రుల్లో సభ కార్తేజ్ నియమాలని కూడా తమ నియమాల్లో చేర్చుకుంది. వాటిలో పైన చెప్పిన పసిపిల్లల నియమం కూడా ఉంది. 1672లో యెరూషలేములో కూడిన ఆర్థడాక్స్ సభ ఆమోదించిన దోసితెయుస్ విశ్వాస ప్రకటన ఇంకా తమాషాగా ఉంటుంది. ఆరో అధ్యాయంలో ఆదాము నుంచి వచ్చిన పాపభారం అంటే శ్రమ, రోగాలు, ప్రసవ వేదన, చివరికి శరీర మరణం అని సిరిల్ మాటకి దగ్గరగా చెబుతుంది. పదహారో అధ్యాయానికి వచ్చేసరికి బాప్తిస్మం లేని పిల్లలు శాశ్వత శిక్షకి లోబడి ఉంటారని, అగస్టీన్‌ని కూడా మించిపోతుంది! ఆ రోజుల్లో తూర్పు పండితులు చాలామంది లాటిన్ పుస్తకాలతో చదువుకున్నవాళ్ళు, వాళ్ళ పదాలే వాడేవాళ్ళు. ఇప్పుడు ఆర్థడాక్స్ యువకులు చెప్పే "మాకు వారసత్వ నేరం లేదు, చావే వారసత్వం" అన్న స్పష్టమైన మాటకి 20వ శతాబ్దంలోనే ఊపొచ్చింది. ముఖ్యంగా జాన్ రొమానిదిస్ అనే గ్రీకు పాదిరీ 1957లో ఏథెన్సులో ప్రచురించిన సిద్ధాంత గ్రంథం తర్వాత. ఆయన పాత పితరుల దగ్గరికి తిరిగి వెళ్ళిన మాట నిజమే గాని, పడమటిని కాస్త ఎక్కువ నల్లగా చిత్రించాడని నా అభిప్రాయం. బైజాంటైన్ ఆర్థడాక్స్ ఆచారంలో తైలం పూసే ముందు చదివే ప్రార్థనలో ఈ బిడ్డకి తెలిసీ తెలియక చేసిన పాపాల క్షమాపణ దొరికిందని ఇప్పటికీ ఉంది. పెద్దవాళ్ళకోసం పుట్టిన ప్రార్థననే పిల్లలకీ చదువుతున్నారని దానికి వివరణ ఇస్తారు. అది సబబే. కానీ అగస్టీన్ ప్రశ్న పుట్టింది సరిగ్గా ఇలాంటి చోటునుంచే.

కాబట్టి ఎవరి మాట నమ్మాలి అన్నదానికి నా జవాబు: పాప ఏ తప్పూ చేయలేదని, ఎవరి నేరానికీ తను జవాబుదారీ కాదని మీవారు అంటే మీ చర్చి కూడా ఈ రోజు కాదనదు. పాపకి ఏదో కావాలని, దాన్ని వాయిదా వేయకూడదని మీ అమ్మగారు అంటే మీవారి చర్చి కూడా కాదనదు. ఆ కావలసినదానికి క్షమాపణ అని పేరు పెట్టాలా, ప్రాణం అని పేరు పెట్టాలా అన్నచోట మాత్రం రెండు చర్చిలూ ఇంకా ఒక్క మాట మీదికి రాలేదు. నన్నడిగితే రోమీయుల పత్రిక విషయంలో సిరిల్ చెప్పిందే నాకు ఎక్కువ నమ్మదగినదిగా కనిపిస్తుంది. అగస్టీన్ వేసిన ప్రశ్న మాత్రం ఊరికే తోసిపుచ్చదగ్గది కాదు.

తారీఖు విషయానికొస్తే, క్యాథలిక్ చట్టం పుట్టిన మొదటి కొన్ని వారాల్లోనే జ్ఞానస్నానం ఇప్పించమంటుంది. మూడో నెల అంటే ఆలస్యమే గాని, మీ అమ్మగారు భయపడేంత ప్రమాదం కాదు. ఏ చర్చిలో అన్నది మాత్రం ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి. పెళ్ళికి అనుమతి తీసుకున్నప్పుడు, పిల్లలకి క్యాథలిక్ చర్చిలో జ్ఞానస్నానం ఇప్పించడానికి చేతనైనంత చేస్తానని మీరు మాట ఇచ్చి ఉంటారు. ఆ సంగతి దాచకుండా మీ ఫాదర్‌తో, ఆర్థడాక్స్ పాదిరీతో విడివిడిగా మాట్లాడండి. ఆర్థడాక్స్ బాప్తిస్మాన్ని క్యాథలిక్ చర్చి గుర్తిస్తుంది, మళ్ళీ ఇవ్వదు. అటువైపు మాత్రం శాఖని బట్టి పద్ధతి మారుతుంది, కాబట్టి ముందే అడిగి ఉంచుకోవాలి. ఈలోగా పాపకి ఒంట్లో బాగోక నిజంగా ప్రాణం మీదికి వస్తే పాదిరీ కోసం ఎదురుచూడక్కర్లేదు. తలమీద నీళ్ళు పోస్తూ, పాప పేరు పలికి, పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానమిస్తున్నాను అని మీరే అనొచ్చు. క్యాథలిక్ చర్చిలోనూ, బైజాంటైన్ ఆర్థడాక్స్ చర్చిల్లోనూ అలాంటి సమయంలో మామూలు విశ్వాసికి ఆ అనుమతి ఉంది. ఈ ముక్క మీ అమ్మగారికి ఇవాళే ఫోన్‌లో చెప్పండి.